రిపోర్టులో రెండో ఫొటో

మలంలో రక్తం కనబడితే మొలలేమో అనుకుని నెల రోజులు ఊరుకున్నాను. వయసు యాభై దాటింది కదా, పెద్దపేగు లోపల కెమెరాతో చూసే కొలనోస్కోపీ చేయించుకోమన్నారు డాక్టరు గారు. ముందురోజు అన్నం మానేసి, పొడి కలిపిన నీళ్లు సగం రాత్రి, సగం తెల్లవారుజామున తాగాను. మత్తులోంచి లేచేసరికి అంతా అయిపోయింది. చేతికి వచ్చిన రిపోర్టులో ఫొటోలున్నాయి.

మొదటిది చూస్తేనే గుండె జారింది. పేగు లోపలి గోడ మీద పెరిగిన బొడిపె, పాలిప్ అంటారట, కాడ మీద ఎర్రటి చిన్న పండులా వేలాడుతోంది, 12 మిల్లీమీటర్లు. పైన గరుకుగా, మడతలు మడతలుగా ఉంది. రక్తం దీన్నుంచే వచ్చి ఉండొచ్చన్నారు.

రెండో ఫొటోలో నాకు ఏమీ కనబడలేదు. "ఇక్కడ చూడండమ్మా" అంటూ డాక్టరు గారు పెన్నుతో చుట్టూ గీత గీశారు. పసుపుపచ్చని జిగురు పొర అంటుకుని ఉంది, అంతే. పక్కనే, నీళ్లతో కడిగాక తీసిన ఫొటో: పేగు రంగులోనే కాస్త పాలిపోయిన మచ్చ, అంచు ఎక్కడో తెలియదు. చుట్టూ సన్నటి రక్తనాళాలు కనిపిస్తున్నాయి, ఆ మచ్చ దగ్గరికి వచ్చేసరికి మాయమయ్యాయి. పెద్దపేగు కుడివైపున, 8 మిల్లీమీటర్లు. పేగు శుభ్రపడకపోతే ఇలాంటివే తప్పిపోతాయట. ఆ వెగటు నీళ్లు చివరి గుక్క దాకా తాగినందుకు అప్పుడు నిజంగా సంతోషించాను.

మూడోది పురీషనాళంలో 3 మిల్లీమీటర్ల తెల్లటి బొడిపె. దాన్ని అలాగే వదిలేశారు. ఆ చోట, అంత చిన్నగా, తెల్లగా ఉండే హైపర్‌ప్లాస్టిక్ పాలిప్స్ సాధారణంగా క్యాన్సర్‌గా మారవట.

"మరి ఆ రెండూ ఎందుకు తీశారు? అవి క్యాన్సరా?" అని అడిగాను.

"కాదమ్మా. అడినోమాలనే రకం పాలిప్స్‌లో చాలావరకు ఎప్పటికీ క్యాన్సర్‌గా మారవు. కానీ ఏది మారుతుందో చూసి చెప్పలేం. రంగు, ఆకారం బట్టి ఊహించగలం గానీ లోపలి కణాల సంగతి మైక్రోస్కోపు కింద పెడితేనే ఖాయంగా తెలుస్తుంది. ఎలాగూ లోపలికి వెళ్లాం, తీసేస్తే అది పెరిగే అవకాశమే ఉండదు" అన్నారు.

కాడ ఉన్నదాన్ని వైరు ఉచ్చు వేసి, కరెంటుతో కాల్చి కోశారు. చదునుగా ఉన్నదాన్ని కరెంటు లేకుండానే, చుట్టూ కాస్త మంచి పొరతో కలిపి తీశారు. రెండు వారాల్లో రక్తం ఎక్కువగా పడినా, కడుపునొప్పి తీవ్రంగా వచ్చినా వెంటనే రమ్మన్నారు. నాకు రెండూ రాలేదు.

వారానికి బయాప్సీ వచ్చింది. మొదటిది ట్యూబ్యులర్ అడినోమా, రెండోది సెసైల్ సెరేటెడ్ లీజన్ అనే చదునైన రకం పాలిప్. రెండింట్లోనూ క్యాన్సర్ లేదు. ఒకటి 10 మిల్లీమీటర్లు దాటింది కాబట్టి మూడేళ్లకు మళ్లీ రమ్మన్నారు. పెన్ను గీత ఉన్న ఆ ఫొటోను ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టాను, అప్పుడు చూసే డాక్టరుకు ముందు అదే కనబడాలని.