గత ఏడాది ఖర్చును విడదీసి చూపితేనే బడ్జెట్ పెరిగింది: నా అనుభవం

విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ బాధ్యతలు నావి. ఏటా జనవరిలో అకౌంట్స్ నుంచి ప్రతి విభాగానికీ ఒక పట్టిక వస్తుంది. అందులో ఈ ఏడాది మంజూరైన మొత్తం, డిసెంబరు వరకు అయిన ఖర్చు ముందే నింపి ఉంటాయి. వచ్చే ఏడాదికి ఎంత కావాలో, ఎందుకో మనం రాసి, ఒక మెమో జత చేసి పంపాలి. 2025 జనవరిలో వచ్చిన పట్టికలో పరీక్షలకు వాడే రసాయనాలైన రీజెంట్లు, కిట్ల వరుస చూసి చాలాసేపు ఆగిపోయాను. మంజూరు 66 లక్షలు, తొమ్మిది నెలల ఖర్చు 54 లక్షలు. పక్కనే ఎర్ర సిరాతో, ‘ఈ లెక్కన ఏడాదికి 72 లక్షలు. మించిన ఖర్చుకు కారణం రాయండి’ అని ఉంది.

ఆ 72నే పునాదిగా ఒప్పుకుంటే 75 అడగడం తేలిక. కానీ అది మా ల్యాబ్ మామూలు ఏడాదిలో పెట్టే ఖర్చు కాదని నాకు తెలుసు. తప్పుడు పునాది మీద అడిగితే డబ్బు మిగిలిపోతుంది, లేదా అడ్డంగా కోత పడుతుంది. రెండూ నాకు ఇష్టం లేదు. అందుకే పెంపు గురించి ఒక్క వాక్యం కూడా రాయకముందు ఆ 54 లక్షలను విప్పడం మొదలుపెట్టాను.

మొదట వరద. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగిన రోజులవి. మాకు కరెంటు పోయింది, జనరేటరుకు డీజిల్ చాలలేదు. రీజెంట్లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ ఉష్ణోగ్రత రిజిస్టరులో ఆ హద్దు దాటిన గంటలు నమోదై ఉన్నాయి కాబట్టి ఆ సరుకు పారేయక తప్పలేదు. దాని బదులు కొన్నవాటి బిల్లులు 2.4 లక్షలు. ఇది మళ్లీ రాని ఖర్చు. పారేసిన సరుకు జాబితానూ ఉష్ణోగ్రత పేజీల నకళ్లనూ మెమోకు జత చేశాను.

డెంగీ కిట్ల విషయం అంత సులువుగా తేలలేదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాటికే 5 లక్షలు అయింది. మొత్తం వరద ఖాతాలో వేసేయమని సహోద్యోగులు సలహా ఇచ్చారు. అది న్యాయంగా అనిపించలేదు, ఎందుకంటే వానాకాలం చివర డెంగీ ఏటా వస్తుంది. అంతకుముందు మూడేళ్ల ఇవే రెండు నెలల సగటు తీస్తే 2.4 లక్షలు వచ్చింది. అది మామూలు ఖర్చు కింద ఉంచి, మిగతా 2.6 లక్షలు మాత్రమే తీసేశాను. ఇప్పుడు 54 కాస్తా 49 అయింది.

తరువాత అకౌంట్స్ లెక్కకూ మా వాడకానికీ ఉన్న తేడా. వాళ్లు బిల్లు నమోదైన తేదీ చూస్తారు, మేము సీసా తెరిచిన తేదీ చూస్తాం. డిసెంబరు చివర వచ్చిన 2 లక్షల సరుకుకు బిల్లు ఇంకా రాలేదు, కాబట్టి అది కలపాలి. మరోవైపు, సంక్రాంతికి రవాణా ఆగుతుందని ముందుగానే తెప్పించుకోవడంతో డిసెంబరు 31న మా అరల్లో 7 లక్షల సరుకు ఉంది. ఏప్రిల్ 1న ఉన్నది 4 లక్షలే. అంటే కొన్నదానిలో 3 లక్షల సరుకు ఇంకా వాడలేదు. 49కి 2 కలిపి 3 తీసేస్తే 48 లక్షలు. తొమ్మిది నెలల్లో మేము నిజంగా వాడింది అంతే. నిల్వ లెక్కలో అనుమానం రాకుండా అకౌంట్స్ నుంచి ఒకరిని పిలిచి, ఇద్దరం కలిసి అరలు లెక్కపెట్టి సంతకాలు చేశాం. ఆ ఒక్క కాగితం తరువాత చాలా వాదనలను ఆపింది.

ఇక మిగిలింది మూడు నెలలు. తొమ్మిది నెలల ఖర్చును తొమ్మిదితో భాగించి పన్నెండుతో గుణించడం జ్వరాల కాలమున్న విభాగానికి నప్పదు. జనవరి నుంచి మార్చి వరకు మాకు నమూనాలు తగ్గుతాయి. గత రెండేళ్లలోనూ ఏడాది వాడకంలో ఆ మూడు నెలల వాటా 20 శాతమే. అంటే 48 లక్షలు మిగతా 80 శాతం, ఏడాదికి 60 లక్షలు. నా మెమో మొదటి పేరాలో ‘72’ ఎలా ‘60’ అయిందో రాశాను. పెంపు అడిగే కాగితంలో ముందుగా తగ్గింపు చూపడం మా దగ్గర ఎవరూ చేయలేదట.

ఆ 60 మీద మూడే పెంపులు అడిగాను. యంత్రాలకు వాడే రీజెంట్లు, అంటే 40 లక్షల సరుకు, ఏప్రిల్ నుంచి 5 శాతం పెరుగుతుందని సరఫరాదారు రాసిన ఉత్తరం ఉంది. అది 2 లక్షలు. జూన్‌లో డయాలసిస్ విభాగం తెరుస్తారు. 40 మంది రోగులు, ఒక్కొక్కరికి నెలవారీ పరీక్షల రీజెంట్ ఖర్చు 900 రూపాయలు, పది నెలలకు 3.6 లక్షలు. మూడోది, నమూనాలు ఏటా 4 శాతం పెరగడం. దీన్ని మొత్తం 60 మీద లెక్కించలేదు. యంత్రం కొలత సరిగ్గా ఉందో లేదో చూసే కంట్రోళ్లు, దాన్ని సరిదిద్దే కాలిబ్రేటర్లు పది మంది రోగులు వచ్చినా, వంద మంది వచ్చినా దాదాపు అంతే ఖర్చవుతాయి. మా దగ్గర వాటి వాటా 10 లక్షలు. మిగిలిన 50 మీదే 4 శాతం, అంటే 2 లక్షలు. మొత్తం 67.6 లక్షలు.

వేరే వరుసలో మరో అంశం ఉంది. 25 లక్షల విలువైన మా బయోకెమిస్ట్రీ యంత్రానికి ఆగస్టులో వారంటీ ముగుస్తుంది. తరువాత విడిభాగాలతో సహా నిర్వహణ ఒప్పందం 2 లక్షలు, దానిపై 18 శాతం జీఎస్టీతో 2.36 లక్షలు. వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉన్నందున ఆ పన్ను మాకు తిరిగి రాదు, ఖర్చులోనే కలపాలి. ఈ వరుసకు గత ఏడాది ఖర్చు సున్నా. పాత ఖర్చుతో పోల్చి కోత వేసేవారికి ముందు దొరికేది ఇలాంటి వరుసే. అందుకే అక్కడ వారంటీ ముగిసే తేదీ, ఒప్పందం ధర రెండూ రాసి కాగితాలు జత చేశాను.

చర్చకు పిలిచినప్పుడు ఫైనాన్స్ మేనేజర్ గారు సూటిగా అడిగారు. “మామూలు ఏడాదికి 60 చాలునని మీరే తేల్చారు మేడమ్. పోయినసారి 66 ఇచ్చాం. ఇప్పుడు 67.6 ఎందుకు?”

“పాత 66కు ఆధారం ఏమిటో ఫైలులో లేదండీ. అందుకే దానితో పోల్చలేదు. 60 దాటిన ప్రతి రూపాయికీ ఒక కాగితం ఉంది, ఏది నిలవదనుకుంటే దాన్ని తీసేయండి” అన్నాను.

ఆయన నిజంగానే ఒక్కొక్కటీ చూశారు. ధరల ఉత్తరం ఒప్పుకున్నారు, నమూనాల పెరుగుదలను రిజిస్టరుతో సరిచూసి ఒప్పుకున్నారు. డయాలసిస్ విభాగానికి అనుమతులు ఆగస్టుకు గానీ రావని ఆయనకు తెలుసు. పది నెలలు ఎనిమిదయ్యాయి, 3.6 లక్షలు 2.88 అయ్యాయి. ఆ కోతకు నేను అడ్డు చెప్పలేదు.

తీసేసిన డెంగీ మొత్తం గురించి కూడా ఆయనే అడిగారు, మళ్లీ అలాంటి ఏడాది వస్తే ఏం చేస్తారని. దానికి మెమో చివర ఒక ప్రతిపాదన పెట్టాను. 2.5 లక్షలు నా బడ్జెట్‌లో కలపకుండా ఫైనాన్స్ దగ్గరే ఉండాలి. మామూలు జ్వరాల కాలంలో రోజుకు 25 డెంగీ పరీక్షలు చేస్తాం. వారం పాటు రోజూ 40 దాటితేనే ఆ డబ్బు విడుదల కావాలి, లేకపోతే మార్చిలో అది నాది కాదు. దీనికి ఆయన వెంటనే సరే అన్నారు.

రీజెంట్లకు 66.88 లక్షలు, యంత్రం ఒప్పందానికి 2.36 లక్షలు మంజూరయ్యాయి. మంజూరు కాగితంతో పాటు ఆయన ఒక సూచన పంపారు: వచ్చే జనవరిలో అన్ని విభాగాలూ డిసెంబరు 31 నిల్వను అకౌంట్స్ మనిషితో కలిసి లెక్కపెట్టి, సంతకాలతో పంపాలని.