కింద నుంచి ఎక్కడం

తొమ్మిదో తరగతిలో హాస్టల్ మెస్ ఖర్చులు రాసే పని నా మెడకు చుట్టుకుంది. ఒక శనివారం ఐదు పద్దులు: 348, 276, 159, 487, 365. కూడితే 1636 వచ్చింది. డబ్బాలో మాత్రం ఉండాల్సిన దానికంటే ఒక రూపాయి ఎక్కువుంది. తక్కువైతే జేబులోంచి వేసేవాణ్ణి, ఎక్కువైతే ఏం చేయాలి? టెన్షన్‌తో నాలుగుసార్లు కూడాను. నాలుగుసార్లూ 1636.

లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్తే, "పైకి వినపడేలా కూడరా" అన్నారు. ఒకట్ల స్థానం మొదలుపెట్టాను. "ఎనిమిదీ ఆరూ పద్నాలుగు, తొమ్మిది ఇరవై నాలుగు, ఏడు ముప్పై ఒకటి, ఐదు ముప్పై ఆరు." ఆయన ఏమీ అనలేదు. అరచేత్తో నా మొత్తాన్ని మూసేసి, "ఇప్పుడు కింద నుంచి ఎక్కు" అన్నారు.

"ఐదూ ఏడూ పన్నెండు, తొమ్మిది ఇరవై ఒకటి, ఆరు ఇరవై ఏడు, ఎనిమిది ముప్పై ఐదు." ఐదు వేసి మూడు చేతికి. మొత్తం 1635.

పద్నాలుగుకు తొమ్మిది కలిపితే ఇరవై మూడు. నా నోటికి ఇరవై నాలుగు అలవాటైపోయింది. పై నుంచి ఎన్నిసార్లు దిగినా అదే పద్నాలుగు, అదే తొమ్మిది, అదే తప్పు. కింద నుంచి వస్తే ఆ తొమ్మిదికి పన్నెండు ఎదురవుతుంది. పద్నాలుగు అసలు తగలదు.

చెయ్యి అడ్డం పెట్టడం చాదస్తం అనుకున్నాను గానీ, అందులో పనితనం ఉంది. పాత మొత్తం కనిపిస్తే నోరు దాని వైపే లాగుతుంది. పైన రాసిన చేతి అంకెల్ని కూడా ఆయన నమ్మనిచ్చేవారు కాదు. 3 బదులు 2 రాసి ఉంటే, ఎక్కేటప్పుడూ అదే 2 కలుపుతాం. అందుకే పదుల స్థానానికి మూడును మళ్లీ కొత్తగా తెచ్చుకోవాలి.

తర్వాత నేను పద్దులు రాసే ఉద్యోగంలోనే చేరాను. ఈ పద్ధతి ఎక్కడ చేతులెత్తేస్తుందో అక్కడ తెలిసింది. చిట్టాలో 487 ఉంటే పేజీలోకి 478 అని ఎక్కించాననుకోండి. దిగినా ఎక్కినా 1626 వస్తుంది, రెండూ చక్కగా కలుస్తాయి. నగదుతో చూసినప్పుడే 9 తేడా బయటపడుతుంది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు చూస్తాను. అప్పుడు కూడిక జోలికి పోకుండా చిట్టా తెరిచి ఒక్కో పద్దుకూ టిక్కు పెట్టుకుంటూ రావడమే.

ఇప్పుడు కూడికలన్నీ కంప్యూటరే చేస్తుంది. కిరాణా కొట్టువాడి చేతిరాత చీటీ మాత్రం నేను కింద నుంచే చదువుతాను. మా ఆవిడ పక్కన నిలబడి, "ఆ చెయ్యి తీయండి, మొత్తం ఎంతో నేనూ చూడాలి" అంటుంది.