బోరు ముందు, పెళ్లి తర్వాత

"బోరు ఎండిన ఏడాది నుంచి చెప్తా నాయనా" అని మొదలుపెట్టింది అవ్వ. నా పరిశోధన కోసం నేనడిగింది ఆమె జీవిత కథ, ఎక్కడ్నుంచైనా సరే అని.

ఈరోజు అనంతపురం రూములో ఆ రికార్డింగ్ రాసుకుంటుంటే ఫ్రెండ్ వచ్చి, "అప్పులు, వలస, కరువు అని కోడ్లు వేసేయ్ రా" అన్నాడు. అంటే ఒక్కో ముక్కకీ ఒక అంశం పేరు తగిలించేయడం. వేయొచ్చు. కానీ ఆమె ఏది ముందు చెప్పిందో, దేన్ని దాటేసిందో అందులో కనిపించదు.

అందుకే సామాజిక శాస్త్రవేత్త రోజెంతాల్ పద్ధతి: జరిగిన జీవితాన్నీ, చెప్పిన కథనీ పక్కపక్కన పెట్టి చూడటం. ఒక కాగితం మీద జరిగిన వరుస: పెళ్లి, పిల్లలు, బోరు, బెంగళూరు కూలి, భర్త మరణం. ఇంకో కాగితం మీద ఆమె చెప్పిన వరుస: బోరు, బెంగళూరు, ఆ తర్వాతే పెళ్లి. భర్త చావుకు ఒక్క వాక్యం. బోరు గొడవ మాత్రం ఎవరేమన్నారో మాటలతో సహా!

బోరే ఎందుకు ముందు? కింద ఏముందో చదవకుండానే రెండు మూడు ఊహలు రాసుకున్నా. తప్పు అప్పు ఇచ్చినోళ్లదని చెప్పాలనా? బోరు వేయించమన్నది తనేనా? రెండు పేజీల తర్వాత వచ్చింది: "నేనే పట్టుబట్టినా." మొదటి ఊహ కొట్టేశా.

భర్త చావుకు ఆ ఒక్క వాక్యమే ఎందుకో ఇంకా తేలలేదు. ఈసారి వెళ్లినప్పుడు "ఎందుకు" అని అడగను, అడిగితే సంజాయిషీ వస్తుంది గానీ కథ రాదు. "ఆ రోజు గురించి ఇంకొంచెం చెప్తావా అవ్వా" అంటా.