ఐదో రోజు జ్వరం తగ్గింది, ఆయాసం మొదలైంది

గురువారం. పొద్దున రౌండ్స్‌కి వెళ్ళేసరికి ఆరో బెడ్‌లో కొత్త పేషెంటు. 28 ఏళ్ళు. బీపీ లేదు, షుగర్ లేదు. పేరడిగితే చెప్పాడు గానీ, ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఒకసారి ఆగి గాలి తీసుకున్నాడు. పక్కనే నిలబడి అతని ఛాతీ చూస్తూ ఒక నిమిషం లెక్కపెట్టాను. 36 సార్లు. మామూలుగా 20 దాటదు. రక్తంలో ఆక్సిజన్ 84 శాతం.

నాలుగు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు. నిన్న జ్వరం దిగితే గండం గడిచిందనుకున్నారట. రాత్రి నుంచి ఆయాసం. టెస్టులో హెచ్1ఎన్1 ఫ్లూ అని వచ్చింది. ఎక్స్‌రేలో గాలితో నల్లగా కనపడాల్సిన ఊపిరితిత్తులు రెండూ తెల్లగా ఉన్నాయి.

పదకొండింటికి గొంతులోకి ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టక తప్పలేదు. సక్షన్ పెట్టగానే గొట్టంలోకి లేత గులాబీ రంగు నురగ వచ్చింది. కఫం కాదది. రక్తనాళాల్లో ఉండాల్సిన నీరు, ప్రోటీను.

బయట అతని భార్య అడిగింది. "రోజూ జిమ్‌కి వెళ్తాడు మేడమ్. జలుబని ఒక్కరోజు పడుకోలేదు. ఇమ్యూనిటీ లేకనా ఇలా అయింది?"

లేక కాదమ్మా అన్నాను. ఆ తర్వాత చెప్పాల్సింది నిలబడి చెప్పేది కాదు, అందుకే కూర్చోబెట్టి చెప్పాను. ఫ్లూ వైరస్ చాలామందిలో ముక్కు, గొంతు, గాలిగొట్టం దగ్గరే ఆగిపోతుంది. కొందరిలో అడుగున ఉన్న గాలి తిత్తుల దాకా దిగుతుంది. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి చుట్టుపక్కల కణాలని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక గంటల్లో వెళ్తే వైరస్ అక్కడే ఆగిపోతుంది. కానీ ఫ్లూ వైరస్ దగ్గర ఆ హెచ్చరికని నొక్కిపెట్టే ప్రోటీను ఒకటుంది. హెచ్చరిక ఆలస్యమైతే ఈలోపు వైరస్ లక్షల కణాల్లో పెరిగిపోతుంది. తర్వాత అన్నీ ఒక్కసారే కేకలు పెడతాయి. ఆ కేకలే సైటోకైన్లు. తెల్లకణాలు గుంపుగా వచ్చి పడతాయి, అవి బయటికి రావడానికి రక్తనాళాల గోడలు వదులవుతాయి.

చేతికి దెబ్బ తగిలినా జరిగేది ఇదే, దాన్నే వాపు అంటాం. చేతిలో వాపుకి చోటుంది. గాలి తిత్తికీ రక్తానికీ మధ్య గోడ మందం తలవెంట్రుక మందంలో సుమారు నూరో వంతే. అక్కడ కారిన నీరు గాలి ఉండాల్సిన చోటుని నింపేస్తుంది. ఆరోగ్యవంతుడికి తెల్లకణాలు పంపే శక్తి ఎక్కువే, అందుకే ఆలస్యంగా మొదలైతే నష్టమూ ఎక్కువ కావచ్చు.

"ఇమ్యూనిటీ ఎక్కువైపోయింది" అని అందరం అనేస్తాం. నాకా మాట అసంపూర్తిగా అనిపిస్తుంది. అసలు తప్పు ముందున్న ఆలస్యంలో ఉంది. 2015లో ఒక చిన్నపిల్ల గురించి వచ్చిన పరిశోధన నాకెప్పుడూ గుర్తొస్తుంది. అప్పటిదాకా ఏ జబ్బూ లేని పిల్ల, ఫ్లూతో ఊపిరితిత్తులు పనిచేయక చావు అంచుకి వెళ్ళింది. చూస్తే ఇంటర్‌ఫెరాన్ తయారీకి కావలసిన ఐఆర్ఎఫ్7 జన్యువు రెండు ప్రతుల్లోనూ చెడింది. మా ఆరో బెడ్ అబ్బాయిలో ఆలస్యానికి కారణమేమిటో పట్టుకునే పరీక్ష మా దగ్గర లేదు.

మధ్యాహ్నం హౌస్ సర్జన్ అడిగాడు, "స్టెరాయిడ్ ఇచ్చి అణచేయొచ్చు కదా మేడమ్?" కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి అది ప్రాణం నిలిపింది. ఫ్లూలో ఆ భరోసా లేదు. వైరస్ ఇంకా పెరుగుతుండగా ఇస్తే మేలు కన్నా కీడే జరగొచ్చు. ఫ్లూ వైరస్‌ని అడ్డుకునే మందు ఒసెల్టామివిర్ మొదలుపెట్టాం. బ్యాక్టీరియా కూడా తోడైందేమో ఎక్స్‌రే చూసి చెప్పలేం కాబట్టి యాంటీబయాటిక్ కూడా ఇచ్చాం.

వెంటిలేటర్ దగ్గర హౌస్ సర్జన్ చేతే లెక్క వేయించాను. పేషెంటు బరువు 84 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు. ఒక్కో ఊపిరికి కిలోకి 6 మిల్లీలీటర్లు అంటారు గానీ ఆ కిలోలు ఎత్తుని బట్టి వేసేవి. ఒళ్ళు పెరిగితే ఊపిరితిత్తి పెరగదు. ఎత్తు లెక్కన 68 కిలోలు, అంటే సుమారు 410 మిల్లీలీటర్లు. ఒళ్ళు బరువు పట్టుకుని 500 ఇస్తే, నీరు నిండని కాస్త భాగమే ఆ గాలంతా భరించి దెబ్బతింటుంది.

నాలుగింటికి ఆరుగురం కలిసి బోర్లా తిప్పాం. ట్యూబ్ జారకుండా సిస్టర్ తల పట్టుకుంది. 16 గంటలు అలాగే ఉంచాలి. వీపు వైపు నలిగిన గాలి తిత్తులు అప్పుడే మళ్ళీ తెరుచుకుంటాయి. రాత్రి తొమ్మిదికి వెంటిలేటర్ నుంచి ఇచ్చే ఆక్సిజన్‌ని 90 శాతం నుంచి 65కి తగ్గించగలిగాం. ఇంకా ప్రమాదంలోనే ఉన్నాడు.

సాయంత్రం అతని భార్య ఇంకో మాట చెప్పింది. ఇంట్లో మరిదికి నిన్నటి నుంచి జ్వరమట. 48 గంటలు దాటకముందే మందు మొదలైతే మంచిదని వెంటనే ఓపీకి తీసుకురమ్మన్నాను. జ్వరం దిగినా ఊపిరి లెక్క మానొద్దని, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని ఎలా లెక్కపెట్టాలో చూపించాను. నేను ఇంటికి బయల్దేరుతుంటే గేటు దగ్గర ఆపి చీటీ చూపించింది. ఆరింటికి 18, ఎనిమిదింటికి 18, తొమ్మిదింటికి 19.