రంజాన్ పండగ పొద్దున: నమాజుకు ముందే తీరాల్సిన బాకీ

పక్కింటివాళ్లకు రంజాన్ పండగ అంటే కనబడేవి మూడు: ఈద్గాకు వెళ్లే తెల్ల బట్టల గుంపు, ఆలింగనాలు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చే షీర్ ఖుర్మా గిన్నె. వీటన్నిటికన్నా ముందు జరగాల్సిన పని ఒకటి ఉంది. అది బయటికి కనబడదు. పేదవాళ్లకు తలకింతని ఇచ్చే ఆ దానం పేరు ఫిత్రా.

ఖురాన్‌లో రెండో సూరా, 185వ ఆయతు ఉపవాసాల గురించి చెబుతూ చివర్లో మూడు మాటలంటుంది: లెక్క పూర్తి చేయండి, మీకు దారి చూపినందుకు అల్లాహ్ ఘనతను కొనియాడండి, కృతజ్ఞులై ఉండండి. నెలవంక కనబడగానే రోజాల లెక్క పూర్తవుతుంది. ఘనతను కొనియాడటమంటే తక్బీర్. ఈద్గాకు నడిచేటప్పుడు "అల్లాహు అక్బర్, అల్లాహు అక్బర్, లా ఇలాహ ఇల్లల్లాహు వల్లాహు అక్బర్, అల్లాహు అక్బర్ వ లిల్లాహిల్ హమ్ద్" అని మెల్లగా పలుకుతూ పోవడం అందుకే. ఇక కృతజ్ఞత నోటితోనే తీరదు, అందులో ఇంట్లో తలకింతని కొలిచి ఇచ్చేది కూడా ఉంది.

ఫిత్రాను జకాత్‌తో కలిపేసుకునేవాళ్లు ముస్లింలలోనూ ఉన్నారు. జకాత్ ఏడాదిపాటు నిలిచిన సొమ్ము మీద నూటికి రెండున్నర. ఫిత్రాకు ఆస్తి శాతంతో పనిలేదు, అది తలల లెక్క. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో, అవసరాలు పోను సుమారు 612 గ్రాముల వెండి విలువ చేసే సొమ్మో వస్తువులో మిగులు ఉన్నవారి మీద ఇది తప్పనిసరి. ఆ మిగులు ఏడాది నిలవాలన్న షరతు లేదు. ఇంటి యజమాని తన కోసం, మైనరు పిల్లల కోసం ఇవ్వాలి. భార్యదీ ఎదిగిన పిల్లలదీ శాస్త్రప్రకారం ఎవరిది వారికే అయినా, వాళ్లకు చెప్పి అందరిదీ కలిపి ఒకరే ఇచ్చేయడం మామూలు. పండగ తెల్లవారుజామున ఫజ్ర్ వేళ కాకముందే పుట్టిన పసిగుడ్డు కూడా లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత పుడితే రాదు.

ఎంత ఇవ్వాలంటే, గోధుమలైతే అర సా, ఖర్జూరం, కిస్మిస్, బార్లీ అయితే ఒక సా. సా అనేది పాతకాలపు కొలపాత్ర. దాన్ని కిలోల్లోకి మార్చడంలో మతపండితులైన ఉలమాల లెక్కలు కొంచెం తేడాగా ఉంటాయి. అర సా అంటే కిలో ముప్పావు అని చాలాచోట్ల చెబుతారు. పద్ధతి తెలియడానికి ఒక ఇల్లు తీసుకుందాం: భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు. గోధుమలు కిలో 40 రూపాయలనుకుంటే తలకు 70, ఇంటికి 350. అదే కిలో 400 పలికే కిస్మిస్‌తో కడితే, మూడున్నర కిలోలకు తలకు 1,400, ఇంటికి 7,000. రెండూ చెల్లుతాయి. ఏ ఏడాదికా ఏడాది మసీదులో ప్రకటించేది సాధారణంగా గోధుమల లెక్క, అంటే అన్నిటికన్నా తక్కువది. కారులో ఈద్గాకు వచ్చేవాళ్లు కూడా దానితోనే సరిపెట్టుకోవడం తప్పు కాదు గానీ, పెద్ద లెక్క తెలిసి కూడా చిన్నదే ఎంచుకోవడం గురించి ఒకసారి ఆలోచించాలి.

వేళ విషయంలోనే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. జనం నమాజుకు బయలుదేరేలోపే ఇచ్చేయమని ప్రవక్త ఆజ్ఞ. ఆలస్యమైతే బాకీ పోదు, తర్వాతైనా ఇవ్వాల్సిందే, కానీ నమాజు తర్వాత ఇచ్చింది మామూలు దానంలా మిగులుతుందని ప్రవక్త మాటగా వచ్చిన హదీసు. ఈద్గా గేటు దగ్గర గబగబా నోటు చేతిలో పెడితే వేళ దాటనట్టే, కానీ అందుకున్నావిడ ఆ డబ్బుతో ఎప్పుడు పాలు కొని, ఎప్పుడు పొయ్యి వెలిగించాలి? పండగ పూట పేదవాడి ఇంట్లోనూ వంట జరగాలన్నదే అసలు ఉద్దేశం కాబట్టి, తెలిసినవాళ్లు నాలుగైదు రోజుల ముందే ఇస్తారు. తల్లిదండ్రులకు, బిడ్డలకు, జీవిత భాగస్వామికి ఫిత్రా చెల్లదు. ఇబ్బందుల్లో ఉన్న అన్నకో చెల్లికో ఇవ్వొచ్చు.

పండగ నాడు ఉపవాసం నిషిద్ధం. అందుకే స్నానం చేసి, ఉన్నంతలో మంచి బట్టలు వేసుకుని, అత్తరు రాసుకుని, బయలుదేరే ముందు మూడో ఐదో ఖర్జూరాలు తినడం ప్రవక్త చూపిన అలవాటు, అంటే సున్నత్. అంటే ఆ పొద్దున తన ఆకలీ ఎదుటివాడి ఆకలీ తీర్చాకే నమాజు వరసలో, సఫ్‌లో, నిలబడాలి.

నమాజు రెండు రకాతులే, అంటే నిలబడి, వంగి, సాష్టాంగపడే రెండు ఆవృతాలే. పిలుపుగా ఇచ్చే అజాన్ ఉండదు, నమాజు మొదలవుతోందని చెప్పే ఇఖామత్ ఉండదు. రోజువారీ నమాజుతో తేడా ఆరు అదనపు తక్బీర్లు. మొదటి రకాతులో ఖురాన్ పఠనానికి ముందు మూడు: చేతులు చెవుల దాకా ఎత్తి వదిలేయాలి, మళ్లీ ఎత్తి వదిలేయాలి, మూడోసారి ఎత్తి కట్టుకోవాలి. రెండో రకాతులో పఠనం అయ్యాక మూడు, మూడింటికీ చేతులు వదిలేయడమే. నాలుగో తక్బీర్‌కు రుకూలోకి వంగాలి. ఇమాం ముందే మైకులో విడమరిచి చెప్పినా, రెండో రకాతులో మొదటి తక్బీర్ వినగానే అలవాటు కొద్దీ వంగేవాళ్లు ప్రతి ఈద్గాలో ఉంటారు. పక్కవాళ్లు నిటారుగా ఉండటం చూసి మళ్లీ లేస్తారు. షాఫయీ పద్ధతిలో అదనపు తక్బీర్లు ఏడు, ఐదు. శుక్రవారం జుమాలో ఇమాం ప్రసంగమైన ఖుత్బా నమాజుకు ముందు ఉంటే ఇక్కడ తర్వాత ఉంటుంది. నమాజు ముగిస్తూ సలాం తిప్పగానే లేచి ఆలింగనాలు మొదలుపెట్టడం తొందరపాటు, ఖుత్బా అయ్యేదాకా కూర్చుని వినాలి. రాకకు ఒక దారి, పోకకు ఇంకో దారి పట్టడం కూడా సున్నత్.

ఇక షీర్ ఖుర్మా. పది పన్నెండు కప్పులకు రెండు లీటర్ల చిక్కటి పాలు, 80 గ్రాముల సన్న సేమ్యా, 150 గ్రాముల చక్కెర, రాత్రే నానబెట్టిన డజను ఎండు ఖర్జూరాలు, గుప్పెడు బాదం, పిస్తా, సారపప్పు. పాలు లీటరున్నర అయ్యేదాకా మరగాలి. సన్నగా తరిగిన ఖర్జూరాలు, పప్పులు నేతిలో వేయించి పాలలో పది నిమిషాలు ఉడికించి, చివర్లో దోరగా వేయించిన సేమ్యా, చక్కెర వేసి నాలుగు నిమిషాల్లో దించేయాలి. మెత్తటి పండు ఖర్జూరం మరిగే పాలలో వేస్తే పాలు విరిగే ప్రమాదం ఉంది, ఎండుదే మేలు. సేమ్యా దించాక కూడా పాలు పీలుస్తూనే ఉంటుంది. పొద్దున సరిగ్గా ఉన్నట్టు అనిపించినది మధ్యాహ్నానికి ముద్దవుతుంది. కాబట్టి పల్చగా దించి, పంచేటప్పుడు వేడి పాలు కలపాలి.

ఇందులో మాంసం, గుడ్డు ఏమీ ఉండవు. అయినా శాకాహారుల ఇంటికి పంపేటప్పుడు పాత్ర, గరిటె విడిగా వాడి, ఆ మాట అడక్కముందే చెప్పడం మర్యాద. వండినది పుచ్చుకోని ఇళ్లుంటే సేమ్యా, పప్పులు, చక్కెర విడిగా కట్టి పంపితే వాళ్లే వండుకుంటారు. శుభాకాంక్షలు చెప్పడానికి వెళ్లే పక్కింటివాళ్లు నమాజు అయ్యాక, కాస్త పొద్దెక్కాక వెళ్తే ఇంటివాళ్లకు తీరిక. "ఈద్ ముబారక్" చాలు. ఏదైనా తీసుకెళ్లాలనుకుంటే పండ్లు, పాలకోవా మంచివి. జెలటిన్ ఉన్న మిఠాయిలు వద్దు.

బక్రీదు నాడు ఈ వరస తిరగబడుతుంది. ఆ రోజు నమాజు పెందలాడే జరుగుతుంది, అంతదాకా ఏమీ తినకుండా ఉండటం మంచిదంటారు, తక్బీర్ గట్టిగా పలుకుతారు. ఖుర్బానీ నమాజు తర్వాతే. కాబట్టి ఆ రోజు పక్కింటి నుంచి ఏదైనా వచ్చేది బాగా పొద్దెక్కాకే.