200 గ్రాముల సంచిని డ్రోన్ నుంచి వదిలే సర్వో మెకానిజం: మూడో వెర్షన్ వరకు లాగ్

డ్రోన్: 450 ఎంఎం క్వాడ్, బ్యాటరీతో కలిపి 1500 గ్రాములు. పేలోడ్: 8 సెంటీమీటర్ల గుడ్డ సంచిలో 200 గ్రాముల ఇసుక. లక్ష్యం: 10 మీటర్ల ఎత్తులో హోవర్ చేస్తూ నేలమీద గీసిన ముగ్గు వలయంలో పడేయడం. గాల్లోంచి వస్తువులు జారవిడవడానికి చాలా దేశాల్లో అనుమతి కావాలి, కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. కింద మనుషులెవరూ లేని ఖాళీ మైదానంలోనే చేయాలి.

వెర్షన్ 1: సర్వో హార్న్‌కే కొక్కెం

చూడ్డానికి ఇదే తేలిక. సర్వోతో పాటు తిరిగే చిన్న చేయి అయిన హార్న్ చివర సంచిని తగిలించి, హార్న్ తిప్పితే జారిపోతుంది. కానీ బరువంతా సర్వో గేర్ల మీదే పడుతుంది. డ్రోన్ ఒక్కసారిగా పైకి లేచినా, కుదుపుకు లోనైనా 200 గ్రాముల సంచి 600 గ్రాములంత లాగగలదు. 12 ఎంఎం హార్న్ మీద అది 0.72 కేజీ-సెంటీమీటర్ల టార్క్. ఎంజీ90ఎస్ లాంటి చిన్న సర్వో 4.8 వోల్టుల వద్ద సుమారు 1.8 వరకు ఇస్తుంది కాబట్టి కాగితం మీద లెక్క సరిపోతుంది. గాల్లో మాత్రం హార్న్‌ను నిలబెట్టడానికి సర్వో అదేపనిగా కరెంటు లాగుతూ, గుయ్‌మంటూ వేడెక్కుతుంది. నేలమీద సంచి తగిలించి చెవి దగ్గర పెట్టుకుంటే ఆ శబ్దం వినిపిస్తుంది. వినిపించిందంటే డిజైన్ తప్పు.

వెర్షన్ 2: అడ్డపిన్ను

ఇక్కడ బరువు మోసేది పిన్ను, దాన్ని వెనక్కి లాగడమే సర్వో పని. పీఈటీజీ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసిన దిమ్మెలో 3 ఎంఎం మందం గల రెండు గోడలు, మధ్యలో 4 ఎంఎం సందు. రెండు గోడల్లోంచి 2 ఎంఎం స్టీలు తీగ అడ్డంగా వెళుతుంది. సంచికి కట్టిన ఎం5 వాషర్ ఆ సందులో నిలువుగా కూర్చుంటే, దాని రంధ్రంలోంచి పిన్ను దూరుతుంది. పీఎల్ఏ వద్దు, ఎండలో ఆపిన కారులో వదిలేస్తే మెత్తబడి రంధ్రాలు సాగుతాయి.

పిన్ను విడిపోవాలంటే అవతలి గోడ 3, సందు 4, మొత్తం 7 ఎంఎం వెనక్కి రావాలి. 10 ఎంఎం హార్న్ 60 డిగ్రీలు తిరిగితే 10 ఎంఎం కదలిక వస్తుంది, అంటే 3 ఎంఎం మిగులు. 600 గ్రాముల కుదుపు, రాపిడి గుణకం 0.3 అనుకున్నా లాగడానికి 180 గ్రాముల బలం చాలు. అది 0.18 కేజీ-సెంటీమీటర్, సర్వో శక్తిలో పదో వంతు.

అయినా పిన్ను మధ్యలో బిగుసుకుంది. హార్న్ చివర సరళరేఖలో కదలదు, వంపులో కదులుతుంది. ఈ కొలతల్లో పక్కకు దాదాపు 1.3 ఎంఎం తేడా వస్తుంది. పిన్నును నేరుగా హార్న్‌కు కలిపితే ఆ తేడా పిన్నును రంధ్రం అంచుకు నొక్కుతుంది. మధ్యలో 25 ఎంఎం లింక్ పెట్టి, దాని చివరలు జెడ్ ఆకారంలో వంచి హార్న్‌కూ పిన్నుకూ తగిలించాక బిగుసుకోవడం పోయింది. రెండో కారణం తీగ కొన. కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించిన కొనకు కంటికి కనబడని ముక్కు మిగులుతుంది, అది వాషర్ అంచుకు పట్టుకుంటుంది. ఆకురాయితో గుండ్రంగా అరగదీసి గోటితో తడిమి చూడాలి. రంధ్రాలను ప్రింట్ చేసినట్టే వదలకుండా 2.2 ఎంఎం డ్రిల్ బిట్‌తో చేత్తో తిప్పి శుభ్రం చేయాలి.

గాల్లోకి వెళ్లేముందు 600 గ్రాములు వేలాడదీసి, ఫ్రేమ్‌ను 20 డిగ్రీలు వంచి, 50 సార్లు విడుదల. ఒక్కసారి ఆగినా మళ్లీ మొదటినుంచి.

వెర్షన్ 3: వైరింగ్, బరువు, సీజీ

సర్వోకు ఫ్లైట్ కంట్రోలర్ 5 వోల్టులనే వాడొద్దు. పిన్ను బిగుసుకుంటే సర్వో లాగే కరెంటుకు వోల్టేజీ పడిపోయి, గాల్లోనే కంట్రోలర్ రీబూట్ కావచ్చు. బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే 5 వోల్టుల బీఈసీని విడిగా పెట్టి గ్రౌండ్ మాత్రం కలపాలి. ఫ్లైట్ లాగ్‌లో కంట్రోలర్ వోల్టేజీని చూపే `POWR.Vcc` గీత విడుదల క్షణంలో కిందికి కుంగకపోతే వైరింగ్ బాగున్నట్టే. కంట్రోలర్‌లో నడిచే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులు:

```
GRIP_ENABLE     1
GRIP_TYPE       1
SERVO9_FUNCTION 28
RC7_OPTION      19
GRIP_GRAB       1170
GRIP_NEUTRAL    1170
GRIP_RELEASE    1830
```

మొదటిది రాశాక రీబూట్ చేస్తే మిగతా `GRIP_` పేర్లు కనబడతాయి. `GRIP_NEUTRAL` డిఫాల్ట్ 1500. దాన్ని అలాగే వదిలేస్తే పిన్ను సగం బయటకు వచ్చిన స్థితి ఒకటి మిగిలిపోతుంది. అందుకే పట్టుకునే విలువే ఇవ్వడం మేలు.

సర్వో, దిమ్మె, తీగ, స్క్రూలు అన్నీ కలిపి 45 గ్రాముల లోపే. దిమ్మెను 20 ఎంఎం ముందుకు బిగిస్తే 200 గ్రాముల సంచి మొత్తం గురుత్వ కేంద్రాన్ని, అంటే సీజీని, 2.35 ఎంఎం ముందుకు జరుపుతుంది (200 × 20 ÷ 1700). కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ సంచి ఉన్నంతసేపు ముందు మోటార్లు ఎక్కువ పనిచేస్తాయి, వదలగానే ఆ తేడా ఒక్క క్షణంలో మాయమై ముక్కు పైకి లేస్తుంది. కాబట్టి పిన్ను సరిగ్గా సీజీ కిందే ఉండాలి. నిలువుగా కింద ఉన్నందువల్ల వచ్చే చిక్కు తక్కువ, సంచి ఊగనంత వరకు. అర మీటరు తాడుకు కడితే అది 1.4 సెకన్ల లోలకం అవుతుంది, వదిలిన క్షణంలో ఎటు ఊగుతుంటే అటే పోతుంది. సంచి భుజాలకు ఆనేలా దిమ్మె కింద రెండు ఫోమ్ ముక్కలు అతికిస్తే సరిపోయింది.

వదిలాక డ్రోన్ పైకి ఎగురుతుంది. 1700 గ్రాములను మోస్తున్న థ్రస్ట్ ఒక్కసారిగా 1500 మీద పనిచేస్తుంది, కనుక మొదట్లో ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 1.3 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ఆల్టిట్యూడ్ హోల్డ్ వెంటనే సర్దుకుంటుంది. మాన్యువల్ మోడ్‌లో మాత్రం చేయి సిద్ధంగా ఉండాలి.

గురి

10 మీటర్ల నుంచి నేల చేరడానికి 1.43 సెకన్లు. సెకనుకు 4 మీటర్ల వేగంతో వెళుతూ వదిలితే సంచి 5.7 మీటర్లు ముందు పడుతుంది, స్విచ్ నుంచి పిన్ను వీడేవరకు పట్టే కాలం దానికి అదనం. 240 ఫ్రేముల స్లోమోషన్‌లో స్విచ్‌నూ పిన్నునూ ఒకే ఫ్రేములో పెట్టి లెక్కిస్తే ఆ ఆలస్యం 0.26 సెకన్లు, అంటే ఇంకో మీటరు. అందుకే హోవర్. అందులోనూ సెకనుకు 0.3 మీటర్ల జారుడు మిగిలితే సంచి పడేటప్పుడు 43 సెంటీమీటర్లు పోతుంది. సెకనుకు 3 మీటర్ల గాలి ఈ సంచిని పక్కకు నెట్టేది సుమారు పావు మీటరే.

అసలు దొంగ కెమెరా. ఫ్రేమ్‌కు బిగించిన కెమెరాలో క్రాస్‌హైర్ వలయం మీదున్నా, డ్రోన్ గాలికి ఎదురుగా 5 డిగ్రీలు వాలి నిలబడితే 10 మీటర్ల ఎత్తులో ఆ గురి 87 సెంటీమీటర్లు తప్పు. సాధారణ జీపీఎస్ తప్పు కూడా మీటరు పైనే ఉంటుంది, కనుక దాన్ని నమ్ముకుని వదిలినా లాభం లేదు. చూపు నిట్టనిలువుగా కిందికే ఉండేలా కెమెరాను చిన్న గింబల్ మీదకు మార్చాలి. అది కుదరకపోతే గాలి వీచే దిశలో వరుసగా ఐదు సంచులు వదిలి, సగటు తేడాను తెర మీద చుక్కగా గుర్తు పెట్టుకోవచ్చు. గాలి మారితే ఆ చుక్క పనికిరాదు. తర్వాతి పని గింబలే. అది పెరగబోయే బరువు కాబట్టి, బ్యాటరీని ఎంత వెనక్కి జరపాలో ముందే కొలిచి పెట్టుకోవాలి.