ఫ్యాన్ గిన్నెలో పిచ్చుక గూడు: పిల్లలు ఎగిరిపోయే దాకా ఏం చేశామంటే

విశాఖ సీతమ్మధారలో మాది పాత అపార్ట్‌మెంట్. హాల్లో ఫ్యాన్ పై గిన్నె శ్లాబుకి రెండంగుళాలు కిందికి జారి ఉంది. గిన్నెని రాడ్డుకి పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైతే ఇలాగే జారుతుంది. ఊరపిచ్చుక దూరడానికి ఆ సందు చాలు. చాలా ఫ్యాన్లకి వైర్లు కలిపే కనెక్టరు, కెపాసిటరు ఆ గిన్నెలోనే ఉంటాయి. పిచ్చుక ఎండుగడ్డి, పీచు, ఈకలు తెచ్చి సరిగ్గా వాటి మీదే పేరుస్తుంది. కనెక్టరు వదులై వేడెక్కితే ఆ గడ్డి అంటుకోవచ్చు. పైగా గూటికి వచ్చిపోయే దారి రెక్కల పక్కనుంచే. తిరిగే ఫ్యాన్‌లోకి ఎగిరిన పిచ్చుక బతకదు.

ముందు గూడు ఏ దశలో ఉందో తేల్చుకోవాలి. రెండూ గడ్డిపోచలు మోస్తుంటే ఇంకా కడుతున్నట్టు. రాకపోకలు తగ్గి ఒకటి లోపలే ఉండిపోతుంటే గుడ్లు పెట్టినట్టు. పురుగులతో లోపలికి వెళ్ళి, తెల్లటి రెట్ట ముద్ద నోట కరుచుకుని బయటికొస్తుంటే పిల్లలున్నట్టే. కట్టే దశలోనే కనిపెడితే గడ్డి తీసేసి గిన్నె బిగించెయ్యొచ్చు, పిచ్చుక ఇంకో చోటు చూసుకుంటుంది. మేం చూసేసరికి గుడ్లున్నాయి. ఫ్యాన్‌కి కరెంటు ఆపి, పెద్ద పిట్టలు లేనప్పుడు సెల్ఫీ స్టిక్కుకి ఫోన్ పెట్టి వీడియో తీస్తే నాలుగు కనిపించాయి, తెలుపు మీద బూడిదరంగు మచ్చలతో. గుడ్లున్న గూటిని జరిపితే తల్లి సాధారణంగా మళ్ళీ పొదగదు. అందుకని కదపలేదు.

పొదగడానికి 11 నుంచి 14 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. అంటే దాదాపు నెల రోజులు హాల్లో ఫ్యాన్ లేనట్టే. విశాఖ ఉక్కపోతలో ఇదే అసలు కష్టం. స్విచ్ ఆపి ఊరుకుంటే కుదరదు, చీకట్లో ఎవరో ఒకరు అలవాటుగా వేసేస్తారు. ఎంసీబీ దించితే హాల్లో లైట్లు కూడా పోతాయి. కాబట్టి ఎలక్ట్రీషియన్ చేత స్విచ్ బోర్డులో ఫ్యాన్ వైరు విప్పించి, కొసకి టేపు చుట్టించాం. స్టాండు ఫ్యాన్‌ని పిచ్చుకల దారికి ఎడంగా ఓ మూల పెట్టుకున్నాం. తెల్లవారింది మొదలు చీకటి పడే దాకా బాల్కనీ తలుపు తెరిచే ఉంచాలి. మధ్యాహ్నం ఏసీ కోసం తలుపు మూసేస్తే పిల్లలకి తిండి అందదు.

పిల్ల కింద పడితే మెల్లిగా పట్టుకుని తిరిగి గూట్లో పెట్టెయ్యండి. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదన్నది వట్టి మాట. నోట్లో నీళ్ళు, పాలు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పిల్లలు వెళ్ళిపోయాక ఆలస్యం చెయ్యకూడదు. అదే గూట్లో వారంలోనే మళ్ళీ గుడ్లు పెట్టే అవకాశం ఉంది. పిట్టలు ఖాళీ చేసిన గూట్లోని సన్న పురుగులు తిండి లేక కిందికి దిగి మనుషుల్నీ కుడతాయి, ఒళ్ళంతా దురద. ఫోన్‌తో ఇంకోసారి చూసి, ఖాళీ అని తేలాక మెయిన్ ఆపి, మాస్కూ గ్లవ్స్ వేసుకుని గూటిని మొత్తంగా కవర్లోకి దించి మూతి కట్టేశాం. గడ్డి తీస్తే కనెక్టరు స్క్రూలు చిలుము పట్టి ఉన్నాయి, సముద్రపు గాలి మహిమ. కనెక్టరు మార్పించి, గిన్నెని శ్లాబుకి దాదాపు ఆనేలా ఎత్తి, తుప్పు పట్టని స్టీలు స్క్రూతో బిగించాం.

గూటికి బదులుగా బాల్కనీ చూరు కింద, పడమటెండ తగలని చోట చెక్కపెట్టె కట్టాం. అడుగు ఆరంగుళాల చదరం, కంత 32 మిల్లీమీటర్లు. కంత రెండంగుళాలు పెడితే పెట్టె గోరింకలదైపోతుంది.

గోరింకలు వెంటిలేటర్లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కంతలు పట్టుకుంటాయి. గుడ్లు నీలంగా ఉంటాయి, పిల్లలు గూట్లో మూడు వారాలకి పైనే ఉంటాయి. లోపల పిల్లలుండగా జాలీ కొడితే అవి ఆకలితో చస్తాయి. ఒక్క జాగ్రత్త: బాత్రూంలో గ్యాస్ గీజరుండి, గాలికంత గూటితో మూసుకుపోతే పిల్లలు వెళ్ళే దాకా గీజరు వెలిగించకండి. విషవాయువు లోపలే నిలిచి ప్రాణం తీస్తుంది. ఖాళీ అయ్యాక అరంగుళం కళ్ళ స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ బిగించండి. మామూలు ఇనుప జాలీ ఇక్కడ తొందరగా తుప్పు పట్టిపోతుంది.

మీటరు పెట్టెలో గూడు కనిపిస్తే మాత్రం మీరు చెయ్యి పెట్టొద్దు. మీ మెయిన్ స్విచ్ ఆపినా మీటరు దాకా వచ్చే వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది, పైగా సీలు విప్పే హక్కు మనకి లేదు. 1912కి ఫోన్ చేసి, లోపల గుడ్లున్నాయో పిల్లలున్నాయో ముందే చెప్పండి. లైన్‌మన్ వచ్చినప్పుడు వైర్లు దూరే కంతని కూడా మూయమని అడగండి, పిట్ట వచ్చేది అక్కణ్ణించే.